ఫోను ముందు పెట్టగానే అవ్వ తెలుగు ఎందుకు మారిపోయింది?

మా హోసూరు వైపు ఒక పల్లెలో, మాకు దూరపు చుట్టమయ్యే ఒక అవ్వ దగ్గరికి మాటలు రికార్డు చేద్దామని పోయినాను. ఎనభై దాటిన మనిషి. చిన్నప్పటి నుంచి ఆమె మాట వింటూనే పెరిగినాను కాబట్టి ఏం వినబోతున్నానో నాకు బాగా తెలుసు. "వచ్చినాడు", "పోయినాడు", "ఉండాది", "యాడికి". ఫోను ముందర పెట్టి, "అవ్వా, మన తెలుగు మరిచిపోకుండా దాచిపెట్టాల, నీ చిన్నప్పటి సంగతులు చెప్పు" అన్నాను.

అవ్వ చీర కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "మా నాన్నగారు ఉదయమే లేచేవారు. పొలమునకు వెళ్ళేవారు." ముప్పావు గంట అట్లానే సాగింది. ఆ మాటలు ఎక్కడివో నాకు అర్థం కాలేదు. పాత సినిమాలవో, బడి పుస్తకాలవో, ఊరికొచ్చిన హరికథవో! ఫోను ఆపి జేబులో పెట్టుకున్నానో లేదో, వాకిట్లో కోడలు కనిపించింది. "ఏమ్మే, యాడికి పోయినావు ఇంతసేపు? పొయ్యి మింద పాలుండాది చూడు" అంది అవ్వ. నేను వెతుక్కుంటూ పోయిన తెలుగు అదే. కానీ రికార్డులో లేదు.

ఇది మనలో చాలామందికి జరిగే ఉంటుంది. బళ్ళారిలోనో, షోలాపూరులోనో, బరంపురంలోనో, యానాంలోనో ఇంటి పెద్దల మాట పట్టుకుందామని కూర్చున్నవాళ్ళందరికీ ఈ చిక్కు తెలుసు. ఈ చిక్కుకి పరిశోధకుల లోకంలో వందేళ్ళ చరిత్ర ఉంది. అందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, ఎవరో చూస్తున్నారని తెలిస్తే మనిషి మారడం. దీన్ని హాథార్న్ ప్రభావం అంటారు. రెండోది, చూసేవాళ్ళకి ఏం కావాలో ఊహించుకుని అది ఇవ్వాలని చూడడం. మనం నోటితో అడగకపోయినా మన మాట, మన వాలకం, మన సామాను ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాయి. ఆ సూచనలని డిమాండ్ క్యారెక్టరిస్టిక్స్ అంటారు. రెండింటికీ మందు ఒకటి కాదు. అందుకే విడదీసి చూడాలి.

హాథార్న్‌లో నిజంగా ఏం జరిగింది?

హాథార్న్ అనేది మనిషి పేరు కాదు. అమెరికాలో చికాగో పక్కన సిసెరో అనే ఊళ్ళో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ టెలిఫోన్ సామాను చేసే ఫ్యాక్టరీ పేరు. 1924 నుంచి 1927 దాకా అక్కడ దీపాల వెలుతురు పెంచి, తగ్గించి, పని ఎంత జరుగుతుందో చూశారు. తర్వాత 1927లో ఒక చిన్న గదిలో రిలేలు బిగించే ఐదుగురు ఆడవాళ్ళని, వాళ్ళకి భాగాలు అందించే ఇంకొకామెని కూర్చోబెట్టి ఏళ్ళ తరబడి లెక్క రాశారు. విశ్రాంతి సమయాలు మార్చారు, పని గంటలు మార్చారు. ఏం మార్చినా పని పెరుగుతూనే పోయిందనీ, కారణం వాళ్ళని ఎవరో శ్రద్ధగా చూడడమేననీ కథ పుట్టింది. ఆ పేరు మాత్రం ప్రయోగాలు ముగిసి ఇరవై ఏళ్ళు దాటాక, 1950లలో స్థిరపడింది.

కథ చక్కగా ఉంది గానీ, తర్వాత పాత లెక్కలు తిరగేసినవాళ్ళకి అంత చక్కగా కనిపించలేదు. రిలే గదిలో కూలి లెక్కే మారిపోయింది. అంతకుముందు పెద్ద విభాగం మొత్తం పనిని బట్టి డబ్బు వచ్చేది, గదిలోకి వచ్చాక ఆ కొద్దిమంది పనిని బట్టే వచ్చింది. పైగా 1928 మొదట్లో ఇద్దరిని తీసేసి, వాళ్ళ చోట చురుకైన ఇద్దరిని పెట్టారు. దీపాల ప్రయోగం కాగితాలు ఎక్కడో దొరికితే, 2011లో లెవిట్, లిస్ట్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు వాటిని మళ్ళీ లెక్కగట్టారు. దీపాలు మార్చింది ఫ్యాక్టరీ మూసి ఉండే ఆదివారాల్లో. సోమవారం పని శనివారం కంటే పెరిగింది, నిజమే. కానీ దీపాలు మార్చని వారాల్లో కూడా సోమవారం పని శనివారం కంటే ఎక్కువే ఉండేది.

అదే ఫ్యాక్టరీలో 1931-32లో ఇంకొక గది నడిచింది. దాని సంగతి తక్కువమందికి తెలుసు. టెలిఫోన్ ఎక్స్‌చేంజి పరికరాలకి తీగలు చుట్టే 14 మంది మగవాళ్ళు, వాళ్ళ పక్కనే రాసుకుంటూ కూర్చున్న ఒక మనిషి. ఇక్కడ పని పెరగలేదు. రోజుకి ఇంత చేస్తే చాలని వాళ్ళలో వాళ్ళు ఒక హద్దు పెట్టుకున్నారు. ఎవడైనా దాటి పోతే పక్కవాడు భుజం మీద ఒక గుద్దు గుద్దేవాడు. ఎక్కువ చేస్తే కంపెనీ రేటు తగ్గిస్తుందనీ, కొందరిని తీసేస్తుందనీ వాళ్ళ భయం. అవి ఉద్యోగాలు ఊడుతున్న రోజులు మరి.

ఈ రెండో గది మనకి ఒక సంగతి నేర్పుతుంది. "చూస్తే పని పెరుగుతుంది" అనే ఒకే దిక్కు సూత్రం ఏదీ లేదు. నువ్వు చూసినదాన్ని ఏం చేస్తావని వాళ్ళు అనుకుంటున్నారో దాన్ని బట్టే వాళ్ళు మారతారు, లేదా మారరు. కాబట్టి "వాళ్ళు నన్ను గమనిస్తున్నారా?" అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. "నేనెందుకు వచ్చినానని వాళ్ళు అనుకుంటున్నారు?" అని కూడా అడగాలి.

అడగకుండానే అడిగే సూచనలు

ఆ రెండో ప్రశ్నని పట్టుకున్న మనిషి మార్టిన్ ఆర్న్. హిప్నాటిజం మీద పనిచేసిన అమెరికా మనోవైద్యుడు. 1962లో ఆయన ఒక వ్యాసం రాశాడు. హిప్నాటిజంలో ఉన్నవాళ్ళు మాత్రమే చేసి, మామూలు మనుషులు వద్దనే పని ఒకటి ఆయనకి కావలసి వచ్చింది. అర్థం లేని విసుగు పనైతే ఎవడూ చేయడులే అనుకున్నాడు. మనుషుల ముందు రెండు వేల కాగితాల దొంతర పెట్టాడు. ఒక్కో కాగితంలో 224 కూడికలు. వాచీ తీసేసుకుని, "చేస్తూ ఉండండి, నేను ఎప్పుడో వస్తాను" అని పోయాడు. ఐదున్నర గంటల తర్వాత విసిగి మానింది ప్రయోగం చేసేవాడే, కూర్చున్నవాళ్ళు కాదు. సరేనని ఇంకో మెలిక పెట్టాడు. ఒక్కో కాగితం అయ్యాక దాన్ని కనీసం 32 ముక్కలుగా చింపి పారేసి, ఇంకోటి మొదలుపెట్టాలి. అదీ గంటల తరబడి చేశారు. ఎందుకు చేశారని తర్వాత అడిగితే, ఇది మా ఓర్పుకి పరీక్ష అనుకున్నామన్నట్టు చెప్పారు.

ప్రయోగానికి వచ్చిన మనిషి రాయి కాదు, ఇక్కడేదో అర్థం ఉందని వెతుక్కుంటాడు. వెతికి, మంచి మనిషి కాబట్టి, ఆ అర్థానికి తగినట్టు నడుచుకుంటాడు. మా అవ్వ చేసింది సరిగ్గా అదే. తర్వాత ఒకరోజు అడిగితే, "నువ్వు పుస్తకంలో ఏస్తావేమో, మంచి తెలుగు ఉండాల గదప్పా" అంది. "మన తెలుగు దాచిపెట్టాల" అని నేనన్న మాట ఆమె చెవిలో "మంచి తెలుగు చెప్పు" అని పడింది. తప్పు ఫోనుది మాత్రమే కాదు, నా మొదటి వాక్యానిది కూడా.

దీన్ని పట్టుకోవడానికి ఆర్న్ చూపించిన దారులు రెండు మనకి పనికొస్తాయి. మొదటిది, అంతా అయ్యాక కూర్చోబెట్టి "ఇది ఎందుకనుకున్నారు?" అని అడగడం. కానీ ఇందులో ఒక కిటుకు ఉంది. సంగతి ఊహించినానని ఒప్పుకుంటే పని పాడవుతుందని వచ్చినవాళ్ళు దాస్తారు. ఒప్పుకుంటే ఆ రికార్డు పక్కన పెట్టాల్సి వస్తుందని అడిగేవాడూ గట్టిగా అడగడు. కాబట్టి ఒక్కసారి అడిగి "ఏమీ అనుకోలేదు" అంటే వదిలేయకూడదు. రెండోది, ప్రయోగం చేయకుండానే చేసేది. అదే రకం మనుషుల్ని కొందరిని పిలిచి, జరగబోయేదంతా వివరించి, "మీరైతే ఏం చేసేవాళ్ళు?" అని అడుగుతారు. వాళ్ళు ఊహించి చెప్పింది, నిజం ప్రయోగంలో వచ్చిన ఫలితం ఒకేలా ఉంటే, ఆ ఫలితం సూచనల వల్లే వచ్చి ఉండవచ్చు. అప్పుడు దాన్ని నమ్మలేం. నేనైతే అవ్వ దగ్గరికి పోకముందే అదే వీధిలో ఇంకొక పెద్దాయన్ని, "ఎవరైనా ఫోను పెట్టి ఈ మాట అంటే నువ్వేం మాట్లాడతావు తాతా?" అని అడిగి ఉండాల్సింది. నా వాక్యంలోని లోపం అప్పుడే బయటపడేది.

అంగట్లో నాలుగో అంతస్తు

భాష దగ్గర ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. ఎవరూ చూడనప్పుడు జనం ఎట్లా మాట్లాడతారో మనకి కావాలి, కానీ చూడకుండా అది తెలియదు. దీనికి పరిశీలకుడి చిక్కు అని పేరు పెట్టినవాడు అమెరికా భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్. 1962 నవంబరులో ఆయన న్యూయార్కులో చేసిన పని ఈ చిక్కుని దాటిన పద్ధతుల్లో అన్నిటికంటే సులువైనది.

పాత న్యూయార్కు మాటలో కొన్నిచోట్ల ర-కారం జారిపోతుంది. అది పలికితే పెద్దరికం అనే భావన అప్పటికి వచ్చింది. లబోవ్ మూడు పెద్ద దుకాణాలు ఎంచుకున్నాడు. ఖరీదైన సాక్స్, మధ్యరకం మేసీస్, చవకైన క్లైన్. నాలుగో అంతస్తులో ఏ సరుకు ఉందో ముందే చూసుకుని, కింద పనిచేసేవాళ్ళని "ఆ సరుకు ఎక్కడండీ?" అని అడిగేవాడు. "ఫోర్త్ ఫ్లోర్" అని జవాబు వచ్చేది. అందులో ర రెండుసార్లు రావాలి. ఒకటి హల్లు ముందు, ఒకటి మాట చివర. వినపడనట్టు ముందుకి వంగి "ఏమన్నారు?" అనేవాడు. వాళ్ళు ఈసారి నొక్కి చెప్పేవాళ్ళు. తర్వాత వాళ్ళ చూపు తగలని చోటికి పోయి కాగితం మీద రాసుకునేవాడు.

ఇట్లా 264 మంది జవాబులు దొరికాయి. సాక్స్‌లో 62 శాతం మంది, మేసీస్‌లో 51 శాతం మంది ఒక్కసారైనా ర పలికారు. క్లైన్‌లో అయిదింట ఒక వంతు మందే పలికారు. చెప్పినవాళ్ళకి వాళ్ళ భాషని ఎవరో గమనించారని తెలియనే తెలియదు. ఇది ఒక కొనుగోలుదారుడు అడిగిన మామూలు ప్రశ్న, అంతే. రెండోసారి అడగడం వల్ల ఇంకో లాభం కూడా వచ్చింది. అదే మనిషి ఊరికే అన్నప్పుడు ఎట్లా అన్నాడు, జాగ్రత్తగా అన్నప్పుడు ఎట్లా అన్నాడు అనే తేడా చేతికొచ్చింది.

దీనికీ ఖర్చు ఉంది. టేపు లేదు కాబట్టి మళ్ళీ విని సరిచూసుకునే వీలు లేదు. వాళ్ళ వయసు చూసి అంచనా వేయాలి, పుట్టిన ఊరు అడగలేం. పైగా విని రాసుకున్నవాడు లబోవే, ఏం వినాలనుకుంటున్నాడో ఆయనకి తెలుసు. మాట్లాడేవాళ్ళ వైపు చిక్కు పోయింది గానీ, వినేవాడి వైపు చిక్కు మిగిలింది. అందుకే ఇప్పుడు రికార్డులు విని రాసే పని, ఏం తేలాలో తెలియని ఇంకొకరికి ఇస్తారు.

మనవాడే అడిగితే చాలదు

"మన ఊరివాడే పోయి అడిగితే సహజంగా మాట్లాడతారు" అని మనం తరచూ అనుకుంటాం. నేనూ అదే అనుకున్నాను. లబోవ్ బృందం న్యూయార్కులోని హార్లెంలో చేసిన పని ఈ నమ్మకాన్ని కదిలిస్తుంది. లియోన్ అనే ఎనిమిదేళ్ళ నల్లజాతి పిల్లవాడిని ఒకాయన మాట్లాడించాడు. ఆయనా నల్లజాతివాడే, హార్లెంలోనే పెరిగినవాడు. అయినా పిల్లవాడు ఒకటి రెండు ముక్కల్లో జవాబిచ్చి ఊరుకున్నాడు. అట్లాంటి పిల్లలకి భాషే సరిగా రాదని అప్పట్లో కొందరు పండితులు తీర్మానిస్తుండేవారు.

మరోసారి అదే మనిషి అదే పిల్లవాడి దగ్గరికి పోయాడు, కానీ నాలుగు సంగతులు మార్చాడు. ఆలుగడ్డ చిప్స్ తీసుకుపోయాడు. పిల్లవాడి స్నేహితుడిని పక్కన కూర్చోబెట్టాడు. తాను నేల మీద కూర్చుని ఎత్తు తగ్గించుకున్నాడు. పెద్దల ముందు అనకూడని మాటలు తనే ముందు అన్నాడు. ఇద్దరు పిల్లలూ ఒకరి మాట ఒకరు నరుకుతూ, వాదులాడుకుంటూ గలగలా మాట్లాడారు. పిల్లవాడు మారలేదు, ఎదురుగా ఉన్న పరిస్థితి మారింది.

ఇందులో మనం పట్టుకోవలసింది స్నేహితుడి సంగతి. మనిషి రికార్డు కోసం మాట్లాడినప్పుడు మనకోసం మాట్లాడతాడు. పక్కన తనవాళ్ళు ఉంటే, వాళ్ళ దగ్గర గొప్పలు పోయినా వాళ్ళు ఊరుకోరు. అవ్వ వదినె పక్కన ఉండి ఉంటే, "మా నాన్నగారు లేచేవారు" అనగానే ఫక్కున నవ్వి ఉండేది.

రెండోసారి పోయినప్పుడు

ఇవన్నీ చదివి, కొంత బుద్ధి తెచ్చుకుని అవ్వ దగ్గరికి మళ్ళీ పోయినాను. "తెలుగు" అనే మాటే ఎత్తలేదు. అట్లాగని దొంగచాటుగా రికార్డు చేయలేదు. అది మనుషుల్ని మోసం చేయడం. పైగా తెలిసిన రోజు ఆ ఇంటి గడప మళ్ళీ ఎక్కలేం. "అప్పట్లో బావి ఎట్లా తవ్వినారో, ఎవరెవరు తవ్వినారో వినాలని ఉండాది, ఫోనులో పట్టుకుంటా, సరేనా?" అన్నాను. నేను అడిగిందంతా నిజమే. నాకు ఏ రూపాలు కావాలో మాత్రం ముందు చెప్పలేదు, అంతా అయ్యాక చెప్పి, ఉంచుకోవచ్చా అని మళ్ళీ అడిగినాను. అవ్వ వదినెని కూడా కూర్చోబెట్టినాను. ఫోను చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి, నేనూ కాయలు ఒలిచినాను.

మొదట్లో అప్పుడూ "వెళ్ళారు" వచ్చింది. బావిలో మన్ను విరిగి పడి ఒకాయన ఇరుక్కుపోయిన సంగతి వచ్చేసరికి అవ్వకి ఫోను గుర్తు లేదు. ప్రాణం మీదికి వచ్చిన సందర్భం చెప్పమని అడగడం లబోవ్ వాడిన పద్ధతే. చెప్పేవాళ్ళు ఆ సంఘటనలోకి మళ్ళీ పోతారు, మాట మీద కాపలా సడలుతుంది. కానీ పోయిన మనుషుల జ్ఞాపకం కెలకడం అవుతుందేమో చూసుకోవాలి. వాళ్ళంతట వాళ్ళు ఎత్తుకుంటే వినాలి, గుచ్చి అడగకూడదు.

ఇంత చేసినా, ఇదే అవ్వ అసలు మాట అని నేను అనలేను. అందుకని రికార్డుని మూడు భాగాలు చేసి లెక్కపెట్టడం మేలు. ఉదాహరణకి గంట రికార్డులో మొదటి ఇరవై నిమిషాల్లో "వచ్చినాడు" లాంటి రూపాలు పదింట మూడు, చివరి ఇరవై నిమిషాల్లో పదింట ఎనిమిది ఉన్నాయనుకుందాం. ఆ ఎదుగుదలే మనం అక్కడ కూర్చోవడం వల్ల పడిన ఒత్తిడి ఎంతో చెబుతుంది. చివరి భాగంలో కూడా అది పెరుగుతూనే ఉంటే, ఆమె ఇంకా పూర్తిగా సడలలేదని అర్థం. ఇంకోసారి పోవాలి. మొదటినుంచీ చివరిదాకా ఒకేలా ఉంటే రెండు అర్థాలు వస్తాయి. ఆమెకి మన ఉనికి పట్టలేదు, లేదా ఆమె ఒక్క క్షణం కూడా మనల్ని మరవలేదు. ఏది నిజమో తేలాలంటే కోడలితో అన్న ఒక్క మాటైనా పక్కన పెట్టి పోల్చాలి.

మొదటి రోజు రికార్డుని నేను తుడిచేయలేదు. దాని పేరు మార్చి పెట్టినాను. "అవ్వ తెలుగు" అని కాకుండా, "పుస్తకంలో వేస్తారనుకున్నప్పుడు అవ్వ మాట్లాడిన తెలుగు" అని. అదీ ఒక నిజమే. మా వైపు ఒక పెద్దావిడకి మంచి తెలుగు అంటే ఏమిటో, తన మాట అందులో చేరదని ఎందుకు అనుకుందో అది చెబుతుంది. కానీ ఆ పేరు లేకుండా అది దాచిపెట్టి ఉంటే, యాభై ఏళ్ళ తర్వాత విన్నవాళ్ళు హోసూరు పల్లెలో ముసలివాళ్ళు "పొలమునకు వెళ్ళేవారు" అని మాట్లాడుకునేవాళ్ళని రాసిపెట్టేవాళ్ళు. మీ దగ్గర పాత రికార్డులు ఉంటే, ఒక్కోదాని పక్కన మూడు సంగతులు రాసి పెట్టుకోండి. ఎవరు అడిగారు, పక్కన ఎవరున్నారు, మొదట ఏమని అడిగారు.